ఒకే డబ్బా, ముగ్గురి కిడ్నీలు

కూకట్‌పల్లి వైపు ఒక ఇల్లు అనుకోండి. వంటింటి పై అరలో ప్రొటీన్ పౌడరు డబ్బా ఒకటి ఉంది. తెచ్చింది 30 ఏళ్ల కొడుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొద్దున్నే జిమ్. వాళ్ల నాన్నకి 58 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగరు. ఈ మధ్య మెట్లెక్కుతుంటే కాళ్లు లాగుతున్నాయని, అబ్బాయి తాగుతున్నాడు కదా అని, తను కూడా పొద్దున ఒక స్కూపు, సాయంత్రం ఒక స్కూపు నీళ్లలో కలుపుకుని తాగేస్తున్నాడు. నానమ్మకి 76. ఆవిడ డబ్బా జోలికి వెళ్లదు. వెళ్లకపోగా, ప్రొటీన్ తింటే కిడ్నీలు పోతాయని పక్కింటావిడ చెప్పిందట, పప్పు కూడా మానేసింది. చారన్నం, మజ్జిగన్నంతో సరిపెడుతోంది.

ఇది నేను కల్పించిన ఇల్లే. కానీ ఈ ముగ్గురూ వేరువేరు ఇళ్ల నుంచి మా కిడ్నీ ఓపీకి వస్తూనే ఉంటారు. ముగ్గురిలో కంగారు పడేది కొడుకు. పడాల్సింది తండ్రి. భయం అక్కర్లేకపోయినా భయపడి నష్టపోతున్నది నానమ్మ. ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు అసలు ప్రొటీన్‌కీ కిడ్నీకీ పనేమిటో చూద్దాం. అన్నంలోని పిండిపదార్థం, నూనెలోని కొవ్వు ఒంట్లో ఖర్చయిపోతే మిగిలేది ప్రధానంగా నీళ్లూ, కార్బన్ డయాక్సైడూ. ప్రొటీన్ అలా కాదు. అందులో నత్రజని ఉంటుంది. ఒంటికి కావలసినంత వాడుకున్నాక మిగిలిన నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది. ఆ యూరియాను బయటికి పంపే బాధ్యత కిడ్నీలది. అందుకే మాంసంతో గట్టిగా భోంచేసినప్పుడు కొన్ని గంటలపాటు కిడ్నీల వడపోత వేగం పెరుగుతుంది. ఇందులో జబ్బేమీ లేదు. గర్భిణికి కూడా నెలల తరబడి ఈ వేగం దాదాపు సగం మేర పెరిగి ఉంటుంది, కాన్పయ్యాక మామూలుకి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీకి ఆ మాత్రం వెసులుబాటు పుట్టుకతోనే ఉంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, వడపోసే గొట్టాలు, అంటే నెఫ్రాన్లు, అప్పటికే తగ్గిపోయినవాళ్ల దగ్గర. ఒక్కో కిడ్నీలో ఇవి సుమారు 10 లక్షలు ఉంటాయి. షుగరు వల్లో బీపీ వల్లో సగం పాడయ్యాయనుకోండి. ఎనిమిది మంది మోయాల్సిన పల్లకీని నలుగురు మోస్తున్నట్టు, మిగిలినవి ఎక్కువ ఒత్తిడితో పనిచేస్తుంటాయి. ఆ స్థితిలో ప్రొటీన్ బరువు పెంచుకుంటూ పోతే ఉన్నవి కూడా త్వరగా మచ్చలు పడి మూసుకుపోతాయి.

1982లో అమెరికాలో బ్యారీ బ్రెన్నర్ అనే కిడ్నీ వైద్యుడు, ఆయన సహచరులు ఈ మాటనే ఒక సిద్ధాంతంగా రాశారు. దాని వెనక ఉన్న ముఖ్యమైన ప్రయోగాలు ఎలుకల మీద చేసినవి. ఏ ఎలుకలు? కిడ్నీల్లో చాలా భాగాన్ని కోసి తీసేసిన ఎలుకలు. వాటికి ప్రొటీన్ ఎక్కువ పెడితే మిగిలిన ముక్క త్వరగా పాడయింది, తక్కువ పెడితే నెమ్మదించింది. జనంలోకి వచ్చేసరికి ఈ విషయంలో ముందు సగం జారిపోయింది. కిడ్నీ కోసేసిన ఎలుక సంగతి ఎవరికీ గుర్తులేదు, ప్రొటీన్ కిడ్నీకి చేటు అన్న ముక్క మాత్రం మిగిలింది.

మనుషుల్లో చూస్తే ఏం తేలింది? అమెరికాలో 1,600 మందికి పైగా నర్సులను 11 ఏళ్లపాటు గమనించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. కిడ్నీ పనితనం మామూలుగా ఉన్నవాళ్లు ప్రొటీన్ ఎక్కువ తిన్నా, తక్కువ తిన్నా తేడా కనిపించలేదు. మొదట్లోనే పనితనం కాస్త తగ్గి ఉన్నవాళ్లలో మాత్రం, ప్రొటీన్, ముఖ్యంగా మాంసం నుంచి వచ్చేది, ఎక్కువ తిన్నకొద్దీ కిడ్నీ జారడమూ ఎక్కువైంది. 2018లో కెనడా పరిశోధకులు ఆరోగ్యవంతుల మీద జరిగిన 28 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు కూడా ఎక్కువ ప్రొటీన్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న జాడ దొరకలేదు. అయితే ఆ ప్రయోగాలు చాలావరకు వారాలు, నెలలు నడిచినవే. ఇరవై ఏళ్లపాటు రోజూ కిలోకి రెండు గ్రాములకు మించి తింటే ఏమవుతుందన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పవు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాడు హద్దు లేకుండా తినొచ్చు అని నేను అనను. మామూలు జిమ్ కుర్రాడు తినే మోతాదుకి కిడ్నీలు పోవు అని మాత్రం ధైర్యంగా అంటాను.

ఇప్పుడు మన కొడుకు దగ్గరికి వద్దాం. ఆఫీసు వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో అతని సీరం క్రియాటినిన్ 1.4 వచ్చింది. ల్యాబు వాళ్లు పక్కన ఎర్ర గుర్తు పెట్టారు. కింద ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె, 69. ఈజీఎఫ్ఆర్ అంటే క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి సూత్రంలో వేసి లెక్కగట్టిన వడపోత వేగం. 90 పైన ఉంటే బాగున్నట్టు. 60 కంటే తక్కువ మూడు నెలలు నిలిచి ఉంటే కిడ్నీ జబ్బు కింద లెక్క. 69 చూసేసరికి ఇంట్లో గొడవ. "ఆ పౌడరు వద్దురా అంటే విన్నావా?" అని అమ్మ.

ఆ అంకె ఎలా వచ్చిందో అడిగితే కథ మారుతుంది. క్రియాటినిన్ పుట్టేది కండల్లో. కండ ఎక్కువున్నవాడికి సహజంగానే అది ఎక్కువ ఉంటుంది, సూత్రానికి అతని కండలు కనిపించవు. పైగా అతను రోజూ 5 గ్రాముల క్రియాటిన్ వేసుకుంటున్నాడు. ప్రొటీన్ పౌడరు వేరు, ఇది వేరు. కండల్లో నిలవ ఉండే పదార్థం ఇది, కొంత కొంతగా క్రియాటినిన్‌గా మారుతూ ఉంటుంది. ముందురోజు రాత్రి చికెన్ తిన్నాడు. వండిన మాంసంలోనూ క్రియాటినిన్ ఉంటుంది, తిన్న కొన్ని గంటలు రక్తంలో కనిపిస్తుంది. పొద్దున జిమ్ నుంచి చెమటలతో నేరుగా వెళ్లి రక్తం ఇచ్చాడు. నాలుగు కారణాలు ఒకే దిక్కుకి తోశాయి.

ఇలాంటివాళ్లకి మేం చెప్పేది చాలా మామూలు సంగతి. క్రియాటిన్ మూడు నాలుగు వారాలు ఆపండి. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి బరువులెత్తొద్దు. ముందురోజు మాంసం వద్దు. నీళ్లు మామూలుగా తాగి పొద్దున రండి. అప్పుడు మళ్లీ చూస్తే క్రియాటినిన్ 1.1, ఈజీఎఫ్ఆర్ 93 వచ్చిందనుకుందాం. ఇంకా అనుమానం ఉంటే సిస్టాటిన్ సి అనే పరీక్ష ఉంది. దాన్ని కండలు, మాంసం పెద్దగా కదిలించవు. అన్నిటికన్నా ముఖ్యంగా మూత్రంలో అల్బుమిన్ ఎంత పోతోందో చూసే యూరిన్ ఏసీఆర్ పరీక్ష చేయిస్తాం. 30 లోపు ఉంటే బాగున్నట్టు. ఇతనికి 8. బీపీ మామూలు. ఇతని కిడ్నీలు బాగున్నాయి, కంగారు తీసేయవచ్చు.

అతను ఎంత తింటున్నాడో కూడా లెక్క చూద్దాం. మన ఇళ్లలో రోజంతా తినే అన్నం, కప్పు పప్పు, పాలు పెరుగు, ఒక గుడ్డు, కూరలు అన్నీ కలిపితే సుమారు 55 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. అతను దాని మీద ఇంకో రెండు గుడ్లు, పచ్చిగా తూచితే 200 గ్రాములుండే చికెన్, ఒక స్కూపు పౌడరు తీసుకుంటాడు. గుడ్లతో 12, చికెన్‌తో 40, స్కూపుతో 24. మొత్తం 131 గ్రాములు. అతని బరువు 75 కిలోలు, కిలోకి ఒకటీ ముప్పావు గ్రాము చొప్పున పడింది. కండ పెంచుకునేవాళ్లకి కిలోకి 1.6 గ్రాముల దగ్గరే లాభం చాలావరకు ఆగిపోతుంది. అంటే స్కూపులో దాదాపు సగం తగ్గించినా అతనికి పోయేదేం లేదు. అది జేబుకి సంబంధించిన సలహా, కిడ్నీకి సంబంధించింది కాదు.

జిమ్‌కి వెళ్లేవాళ్లకి కిడ్నీలు పోవా అంటే, పోతాయి. పౌడరు పక్కన నిశ్శబ్దంగా కూర్చున్న వేరే వస్తువుల వల్ల. ఒళ్లు నొప్పులకి రోజూ వేసుకునే డైక్లోఫెనాక్, ఏసెక్లోఫెనాక్ మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. పోటీల ముందు కండలు తేలాలని నీళ్లు మానేసి, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు మింగుతారు. అసలైన విలన్ స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. 2010లో అమెరికా వైద్యులు ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడిన పదిమంది బాడీబిల్డర్ల కిడ్నీ ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి, వడపోత ముడుల్లో మచ్చలున్నాయని రాశారు. ఆపినవాళ్లలో చాలామంది కొంత కోలుకున్నారు, మళ్లీ మొదలుపెట్టిన ఒకాయనకి జబ్బు తిరగబెట్టింది. అలాంటివాళ్లలో ప్రొటీన్ కూడా విపరీతంగా తినేవాళ్లుంటారు, దాని వంతు సున్నా అని తేల్చి చెప్పలేం. కానీ మా దగ్గరికి వచ్చిన కుర్రాడు "పౌడరే డాక్టర్‌గారూ, ఇంకేం లేదు" అంటే నేను ఇంకో రెండుసార్లు అడుగుతాను, వాళ్ల నాన్నని బయట కూర్చోబెట్టి.

ఆ నాన్న సంగతే ఇప్పుడు. కొడుక్కి గొడవైంది కదా, ఒకసారి మీరూ చేయించుకోండి అంటే చేయించుకున్నాడు. క్రియాటినిన్ 1.3. కొడుకు మొదటి అంకె కంటే తక్కువే. ల్యాబు కాగితం మీద ఎర్ర గుర్తు కూడా లేదు. వయసు కలిపి లెక్క వేస్తే ఈజీఎఫ్ఆర్ 64. ఫర్వాలేదనిపించే అంకె. మూత్రం పరీక్షలో ఏసీఆర్ 210 వచ్చింది. మూడు నెలల్లో మళ్లీ చేయించినా అటూఇటుగా అంతే.

ఇది జబ్బు. షుగరు వల్ల వడపోత పొరలు పాడై, రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ మూత్రంలోకి కారిపోతోంది. ఈయనకి నొప్పి ఉండదు, వాపు ఉండదు, మూత్రం బాగానే వస్తుంది. షుగరు ఉన్నవాళ్లలో క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ల ముందే మూత్రంలో ఈ కారడం మొదలవుతుంది. అయినా ఏటా క్రియాటినిన్ చేయించుకునేవాళ్లలో చాలామంది ఏసీఆర్ పేరే విని ఉండరు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏటా ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. పొద్దున లేవగానే పోసిన మొదటి మూత్రం ఇస్తే మంచిది. జ్వరంలోనూ, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ, వ్యాయామం చేసొచ్చిన వెంటనే కూడా ఇవ్వకండి, అంకె తప్పుగా పెరుగుతుంది.

ఈయన ప్రొటీన్ లెక్క చూడండి. ఇంటి తిండితో 55 గ్రాములు. బరువు 70 కిలోలు, కిలోకి 0.8 గ్రాముల చొప్పున 56. అంటే ఆయన ఇంటి భోజనం ఆయన కిడ్నీకి సరిగ్గా సరిపోయిన భోజనం. దాని మీద రెండు స్కూపులతో 48 పెరిగి 103 అయింది, కిలోకి దాదాపు ఒకటిన్నర. కిడ్నీ జబ్బు ముదిరే అవకాశమున్నవాళ్లు కిలోకి 1.3 గ్రాములు దాటొద్దని కేడీఐజీఓ అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఈయన కొడుకు తిన్నదానికంటే తక్కువే తిని కూడా హద్దు దాటాడు. అలాగని ఇప్పుడు గుడ్డు, పప్పు మాన్పించి 40 గ్రాములకు దించమని ఎవరైనా చెబితే అదీ ఒప్పుకోకండి. కండ కరిగిపోతుంది, కాళ్లలో ఉన్న బలమూ పోతుంది. పౌడరు ఆపితే చాలు. బీపీ అదుపు, షుగరు అదుపు, కిడ్నీని కాపాడే మందులు ఆయనకి చేసే మేలు ముందు ప్రొటీన్ తగ్గింపు చేసే మేలు చిన్నది. కాళ్లలో బలం ఎందుకు తగ్గిందో వేరే వెతకాలి, నడక, చిన్నపాటి బరువులు మొదలుపెట్టాలి.

ఈయనలా జాగ్రత్త పడాల్సినవాళ్లు ఇంకెవరు? షుగరు, బీపీ ఉండి ఏసీఆర్ ఎప్పుడూ చూసుకోనివాళ్లు ముందు వరస. ఒకే కిడ్నీతో పుట్టినవాళ్లు, దానం చేసినవాళ్లు మామూలు తిండి హాయిగా తినొచ్చు, డబ్బా మాత్రం డాక్టరుని అడగకుండా తెరవొద్దు. ఇంట్లో ఎవరికైనా వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బు ఉంటే పరీక్ష చేయించుకున్నాకే. రాళ్లు పదేపదే వచ్చేవాళ్ల సంగతి వేరు. మాంసం ఎక్కువైతే మూత్రంలో కాల్షియం, యూరిక్ యాసిడ్ పెరిగి, రాళ్లను అడ్డుకునే సిట్రేట్ తగ్గుతుంది. ఇటలీలో రాళ్లున్న మగవాళ్ల మీద ఐదేళ్లు నడిపిన ప్రయోగంలో, ఉప్పు, మాంసం తగ్గించి పాలు పెరుగు మామూలుగా తీసుకున్నవాళ్లకి, పాలు పెరుగు మానేసినవాళ్లకంటే రాళ్లు తక్కువ వచ్చాయి. రాళ్లొచ్చాయని పెరుగు మానేసి, నాటుకోడి మానని శ్రోతలు ఎవరైనా ఉంటే ఇది వాళ్ల కోసం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం శ్రోతలకి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో షుగరు, బీపీ ఏదీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నవాళ్లు ఎక్కువ. ఆ జబ్బులో మూత్రంలో అల్బుమిన్ చాలామందికి పెద్దగా పోదు. కాబట్టి ఇందాక నేను చెప్పిన ఏసీఆర్ బాగుందని అక్కడివాళ్లు నిశ్చింతగా ఉండొద్దు, క్రియాటినిన్ తప్పకుండా చూడాలి. ఆ ఊళ్ల కుర్రాళ్లు హైదరాబాదులోనో, విశాఖలోనో జిమ్‌లో చేరినా సరే, పౌడరు కొనే ముందు ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కండల కోసం ప్రొటీన్ పౌడర్లు వద్దంది. చాలామంది దీన్ని ప్రొటీనే వద్దన్నట్టు విన్నారు. అదే సంస్థ పెద్దవాళ్లకి రోజుకి కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ ఉండాలని 2020లో లెక్కగట్టింది. ఎక్కువగా అన్నం మీదే ఆధారపడేవాళ్లకి ఒక గ్రాము దాకా కావాలంది, ఎందుకంటే ధాన్యంలోని ప్రొటీన్ ఒంటికి అంత బాగా పట్టదు. తమ కిడ్నీ ఎలా ఉందో తెలియనివాళ్లు ఇంతమంది ఉన్న దేశంలో డబ్బా వద్దనడం సబబైన సలహానే అని నా అభిప్రాయం. గిన్నెలో పప్పు వద్దనడం ఎవరి సలహా కూడా కాదు.

అందుకే నానమ్మ మీద నాకు ఎక్కువ దిగులు. బరువు 50 కిలోలు. చారన్నం, మజ్జిగన్నంతో రోజుకి 30 గ్రాములు కూడా దాటదు. ఆ వయసులో కిలోకి ఒక గ్రాము, అంటే 50 గ్రాములైనా ఉండాలి. తక్కువైతే కండ కరుగుతుంది, తూలి పడతారు, తుంటి విరుగుతుంది. ఆవిడకి క్రియాటినిన్, ఏసీఆర్ చూసి రెండూ బాగున్నాయనుకుంటే, చేయాల్సింది సులువు. మధ్యాహ్నం గట్టి పప్పు ఒక కప్పు, రాత్రి గ్లాసుడు పాలు, గుడ్డు తింటే రోజుకొక గుడ్డు, తినకపోతే ఇంకో కప్పు పప్పో శనగలో. దాంతో 20 గ్రాములు పెరుగుతుంది. ఆవిడ కిడ్నీకి అసలు ముప్పు మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే మాత్రల నుంచి. పప్పు మానేసి ఆ మాత్ర వేసుకుంటున్న పెద్దవాళ్లు ఎంతమందో.

ఇంకో తికమక కూడా ఈ భయాన్ని పెంచుతోంది. రిపోర్టులో "మూత్రంలో ప్రొటీన్ పోతోంది" అని రాగానే ఇంట్లోవాళ్లు, ప్రొటీన్ ఎక్కువ తిన్నాడు కాబట్టి అది పొంగి బయటికి పోతోందనుకుంటారు. మూత్రంలో పోతున్నది తిన్న గుడ్డు కాదు, ఒంట్లో తయారైన అల్బుమిన్. పోతున్నది వడపోత పొర చెడినందువల్ల. ఆరోగ్యంగా ఉన్నవాడు ఎంత తిన్నా అది మూత్రంలో అల్బుమిన్‌గా కనిపించదు. మూత్రంలో నురగ వచ్చి ఎంతసేపటికీ పోకపోతే కంచంలో గుడ్డు మానేసి ఊరుకోకుండా, పొర ఎందుకు చెడిందో పరీక్ష చేయించుకోవాలి.

ఈ తికమక వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోతున్నవాళ్లు డయాలసిస్ మీదున్నవాళ్లు. కిడ్నీలు పనిచేస్తున్న రోజుల్లో డాక్టరు ప్రొటీన్ తగ్గించమన్నారు. డయాలసిస్ మొదలయ్యాక కూడా అదే పట్టుకుని గుడ్డు, పప్పు ముట్టరు. కానీ అక్కడ లెక్క తిరగబడుతుంది. డయాలసిస్ చేసిన ప్రతిసారీ కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు ఆ నీళ్లతో పాటు వెళ్లిపోతాయి. కాబట్టి వాళ్లకి కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. ఫాస్ఫరస్ ఎక్కువున్నవాళ్లకి గుడ్డు తెల్లసొన మంచిది, అందులో ఫాస్ఫరస్ చాలా తక్కువ. పొటాషియం ఎక్కువ ఉంటే పప్పు ఎంత అన్నది మీ డయాలసిస్ యూనిట్‌లో అడిగి పెట్టుకోండి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్తున్న కొడుకులూ కోడళ్లూ ఈ ప్రసంగం వింటూ ఉంటే, రేపు డయాలసిస్‌కి బయల్దేరేటప్పుడు డబ్బాలో రెండు ఉడికించిన గుడ్ల తెల్లసొన కూడా పెట్టి, మధ్యలో తినిపించవచ్చా అని అక్కడి నర్సుని అడగండి.